న్యూ వెగాస్‌లో మనల్ని ఎందుకు కాల్చారు? ఒక చిప్, మూడు వర్గాలు

ఈరోజు ఫాలౌట్: న్యూ వెగాస్. 2010లో వచ్చిన గేమ్. స్పాయిలర్లు ఉన్నాయి, ముందే చెప్తున్నా.

గేమ్ స్టార్ట్ అవ్వగానే బెన్నీ అనేవాడు మన తల మీద కాల్చి, మన దగ్గరున్న ప్లాటినమ్ చిప్ పట్టుకుపోతాడు. మనం ఒక మామూలు కొరియర్. సో ఇది పగ తీర్చుకునే కథ అనుకుంటాం. కానీ అసలు గొడవ హూవర్ డ్యామ్ గురించి.

ఈ కథ 2281లో జరుగుతుంది. అణుయుద్ధం అయిపోయి రెండొందల ఏళ్లు దాటింది. డ్యామ్ ఇంకా కరెంటు, నీళ్లు ఇస్తోంది. అది ఇప్పుడు ఎన్‌సీఆర్ చేతిలో ఉంది. అంటే కాలిఫోర్నియా నుంచి వచ్చిన రిపబ్లిక్. నది అవతల సీజర్ లీజియన్ కాచుకుని ఉంది. బానిసలతో నడిచే సైన్యం అది. 2277లో డ్యామ్ కోసం వచ్చి ఓడిపోయారు, మళ్లీ వస్తున్నారు. సీజర్‌కి వెగాస్‌ని తన రోమ్ చేసుకోవాలని ఉంది.

మధ్యలో వెగాస్ ఓనర్ మిస్టర్ హౌస్. ఎన్‌సీఆర్ టూరిస్టుల డబ్బు ఆయనకి కావాలి, కానీ ఎన్‌సీఆర్ పూర్తిగా గెలిస్తే వెగాస్‌ని కలిపేసుకుంటుంది. లీజియన్ గెలిస్తే అసలు వెగాసే మిగలదు. అందుకే ఆయనకి సొంత సైన్యం కావాలి.

చిప్ పని ఇక్కడే. హౌస్ దగ్గర సెక్యూరిట్రాన్ రోబోలు ఉన్నాయి. వాటిలో మిస్సైల్ లాంచర్లు ఆల్రెడీ ఉన్నాయి, కానీ వాడే సాఫ్ట్‌వేర్ లేదు. ఫోన్‌లో కెమెరా ఉండి డ్రైవర్ లేనట్టు. ఆ అప్‌డేట్ ఈ చిప్‌లో ఉంది. బెన్నీ దొంగిలించింది కూడా హౌస్‌ని దించి, ఆ రోబోలతో తానే వెగాస్‌ని ఏలుదామనే.

ఇప్పుడు అసలు సీన్. ఆ రోబోల్లో పెద్ద సైన్యం ఒక బంకర్‌లో నిద్రపోతోంది. ఆ బంకర్ ఎక్కడుందో తెలుసా? సరిగ్గా సీజర్ క్యాంప్ కింద! తలుపు తెరవాలంటే చిప్ కావాలి. సీజర్ మనకి చిప్ ఇచ్చి, "లోపలున్నదంతా నాశనం చెయ్" అంటాడు. హౌస్ ఏమో "అప్‌గ్రేడ్ చెయ్" అంటాడు. లోపలికెళ్లాక మనం ఏది చేసినా పైన నేల కంపిస్తుంది. నాశనం అయిపోయిందనే సీజర్ నమ్ముతాడు.

చూశారా, మూడు వర్గాల లెక్కా ఆ ఒక్క గదిలో తేలుతుంది. నాశనం చేస్తే హౌస్ రూట్ అక్కడితో క్లోజ్. అప్‌గ్రేడ్ చేస్తే డ్యామ్ యుద్ధంలో మూడో సైన్యం రెడీ. అందుకే ఆ కన్సోల్ ముందు నిలబడ్డాక, ఏదీ నొక్కకముందే వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి.

మీరైతే ఏం చేశారు? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!