చాట్ పోలేదు, ఖాతా మారింది

పొద్దున ఆఫీసులో గూగుల్ చాట్‌లో కస్టమర్‌తో జీఎస్టీ లెక్కలు మాట్లాడిన ఒక అకౌంటెంట్, రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి అదే లింకు నొక్కిందనుకుందాం. తెర ఖాళీ. కస్టమర్ పేరు వెతికినా ఏమీ రాదు. ఎవరో తుడిచేశారని కంగారు పడటం సహజమే. నిజానికి ఆ మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె వేరే ఖాతాలో నిలబడి వెతుకుతోంది, అంతే.

కారణం అడ్రసు బార్‌లోనే కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఆమె లింకు ఇది:

```
chat.google.com/u/0/
```

చివర ఉన్న 0 మనిషి గుర్తు కాదు, ఆ బ్రౌజర్‌లో మొదట లాగిన్ అయిన ఖాతా అని మాత్రమే అర్థం. రెండోది 1, మూడోది 2. ఆఫీసులో ఉన్నది ఒక్క ఉద్యోగ ఖాతాయే కాబట్టి అక్కడ అదే 0. ఇంట్లో ముందు సొంత జీమెయిల్ తెరిచి, తర్వాత ఆఫీసుది కలిపింది. అందుకే అక్కడ 0 అంటే సొంత ఖాతా, ఆఫీసుది 1. అన్నిట్లోంచీ లాగవుట్ అయి వేరే వరుసలో మళ్ళీ లాగిన్ అయితే ఈ అంకెలూ తారుమారవుతాయి.

ఇంకో చిక్కు ఉంది. ఖాళీ తెర చూసి, అదే కస్టమర్‌కు అక్కడి నుంచే కొత్తగా మెసేజ్ పెడితే, అది సొంత ఖాతా పేరుతో మొదలయ్యే రెండో సంభాషణ అవుతుంది. కస్టమర్ వైపు కూడా ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తుంది. గూగుల్‌లో రెండు ఖాతాలను ఒకటిగా కలిపే వీలు లేదు గనుక ఆ ముక్కలు తర్వాత అతకవు. అందుకని ఏదైనా టైప్ చేసే ముందు కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కి, అందులో ఏ ఈమెయిల్ ఉందో చూడండి. బొమ్మను నమ్మొద్దు, రెండిటికీ ఒకే ఫొటో పెట్టుకునేవాళ్ళు చాలామంది.

సరైన ఖాతాలోనే ఉన్నా మాటలు లేకపోతే విషయం వేరు. ఆ సంభాషణలో హిస్టరీ ఆఫ్‌లో ఉంటే మెసేజీలు 24 గంటల తర్వాత నిజంగానే పోతాయి. ఉద్యోగ ఖాతాల్లో ఈ సెట్టింగును కంపెనీ అడ్మినే నిర్ణయించవచ్చు.

ఈ గందరగోళం వదిలించుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్ళు పెట్టుకోవడం. ఒక్కో ప్రొఫైల్‌లో ఒకే ఖాతా ఉంటే దేనిలోనైనా అంకె 0 గానే ఉంటుంది, లింకు దారి తప్పదు. రెండు కిటికీలకూ వేర్వేరు రంగులిస్తే ఎక్కడున్నామో చూడగానే తెలుస్తుంది.

ఉద్యోగం మానేస్తున్నవాళ్ళు మాత్రం ఆఫీసు ఖాతాలో ఉన్న తమ సొంత విషయాలను, కంపెనీ ఒప్పుకున్న మేరకు, ముందే తీసి పెట్టుకోవాలి. ఖాతాను తొలగించాక అడ్మిన్ దాన్ని తిరిగి తేగలిగేది 20 రోజుల్లోపే.