పుట్టింది తులూజ్‌లో, వీసా ఇంగ్లండుకి: జనన పత్రం అనువాదంలో ఏం చూడాలి?

ఎయిర్‌బస్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న తులూజ్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లకు పాప పుట్టిందనుకుందాం. తల్లిదండ్రులిద్దరూ భారతీయులు కాబట్టి పాపకు ఇండియన్ పాస్‌పోర్టే వస్తుంది. జనన పత్రం మాత్రం ఫ్రెంచిలో ఉంటుంది. కొన్నేళ్లకు తండ్రికి ఇంగ్లండులో ఉద్యోగం వస్తే, డిపెండెంట్ వీసా ఫైల్లో ఆ పత్రాన్ని ఇంగ్లీషు అనువాదంతో కలిపి పెట్టాలి. చూడ్డానికి ఒక్క పేజీ పనే. కానీ పాప ఫలానా వాళ్ల బిడ్డ అని వీసా అధికారికి చూపించే ముఖ్యమైన కాగితం అదే.

ముందు ఏ కాగితం తెప్పించుకోవాలో చూద్దాం. ఫ్రాన్సులో జననాలు నమోదు చేసేది మేరీ, అంటే మన మునిసిపల్ ఆఫీసు లాంటిది. అది మూడు నాలుగు రకాల పత్రాలు ఇస్తుంది. తల్లిదండ్రుల వివరాలు లేని సంక్షిప్త పత్రం డిపెండెంట్ వీసాకు పనికిరాదు. ఇంగ్లీషుతో సహా పలు భాషల్లో అచ్చైన పత్రం కూడా ఉంది. అనువాదం ఖర్చు తప్పుతుందని చాలామంది అదే తీసుకుంటారు, కానీ అందులో ఉండేది క్లుప్తంగా ముఖ్య వివరాలు మాత్రమే. నేనైతే ‘కోపీ అంతెగ్రాల్’ తీసుకోమంటాను. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు దించిన పూర్తి నకలు అది. పైగా ఉచితం.

మన జనన ధ్రువపత్రం గడులు గడులుగా ఉంటుంది. పూర్తి ఫ్రెంచి నకలు చాలావరకు వాక్యాల రూపంలో నడుస్తుంది. తేదీలు, వేళలు సాధారణంగా అక్షరాల్లోనే రాస్తారు. మన పాప పత్రంలో మొదట ‘రెండు వేల పదిహేడు మార్చి పన్నెండున, పద్నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలకు’ పుట్టినట్టు ఉంటుంది. తర్వాత తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, ఊళ్లు, వృత్తులు, చిరునామా వస్తాయి. ఆ కింద మార్చి పదిహేనున తండ్రి వచ్చి చెప్పగా నమోదు చేశామని, మేయరు తరఫున అధికారం పొందిన ఉద్యోగి పేరు, సంతకం ఉంటాయి. అక్కడ పుట్టిన అయిదు రోజుల్లోపు నమోదు చేయించాలి కాబట్టి ఈ రెండు తేదీలకూ కొంత తేడా ఉండటం మామూలే. ఇవిగాక నకలు జారీ చేసిన తేదీ ఒకటి. హడావిడిగా చేసిన అనువాదాల్లో ఈ మూడు తేదీలూ తారుమారవుతుంటాయి. అనువాదంలో నెల పేరును అక్షరాల్లోనే ఉంచాలి. 12-03-2017 అని అంకెల్లో వేస్తే అమెరికా అలవాటున్నవాళ్లు డిసెంబరు 3 అని చదువుతారు.

ఇక్కడే కొందరు ఏజెంట్లు పొరపాటు చేస్తారు. తమ దగ్గరున్న ఇంగ్లీషు జనన ధ్రువపత్రం నమూనా తీసి, ఫ్రెంచి కాగితంలోంచి పేరు, తేదీ, ఊరు ఏరి గడులు నింపేస్తారు. శుభ్రంగా కనిపిస్తుంది గానీ అది అనువాదం కాదు, సారాంశం. వీసా అధికారికి ఫ్రెంచి రాకపోవచ్చు. ఆయన చేయగలిగింది రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అక్కడున్నది ఇక్కడ అదే చోట ఉందా లేదా అని చూసుకోవడం. అందుకే పేరాల వరస మార్చకూడదు. మూలంలో ఎడమ అంచున ఉన్న పత్రం నంబరు, పాప పేరు అనువాదంలోనూ ఎడమ అంచునే ఉండాలి.

అంచుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముఖ్యమైన మాట. ఫ్రెంచి జనన పత్రం మనిషితోపాటు పెరుగుతుంది. తర్వాత జరిగిన పెళ్లి, విడాకులు, తండ్రి బిడ్డను తన బిడ్డగా అంగీకరించడం లాంటివన్నీ పత్రం అంచున నమోదవుతాయి. ఏమీ లేకపోతే ‘నెయాన్’ అని ఉండొచ్చు, అంటే శూన్యం. ఆ ఒక్క మాటే కదా అని వదిలేస్తే, అంచున ఏముందో దాచారేమో అన్న అనుమానానికి చోటిచ్చినట్టవుతుంది. ఆ ‘శూన్యం’ కూడా అనువాదంలో కనిపించి తీరాలి.

ముద్రలదీ ఇదే తీరు. ముద్ర బొమ్మను కత్తిరించి అనువాదంలో అతికించకూడదు. అలా చేస్తే అనువాదమే మేరీ ఇచ్చిన కాగితంలా కనిపించి కొత్త చిక్కు వస్తుంది. ముద్ర ఉన్న చోటే చదరపు కుండలీకరణాల్లో ‘గుండ్రటి ముద్ర: తులూజ్ పురపాలక కార్యాలయం’ అని ఇంగ్లీషులో రాయాలి. సంతకం ఉన్న చోట ‘సంతకం, చదవడానికి వీలుకానిది’ అని రాస్తారు. సగం చెరిగిన ముద్రలో కనిపించినంతే రాసి, మిగతాది చెరిగిపోయిందని చెప్పాలి. ఊహించి పూరించకూడదు. వెనకవైపు అపోస్టిల్ ఉంటే దాన్నీ అనువదించాలి.

అన్నిటికంటే ఎక్కువ తగువు పేర్ల దగ్గరే. ఫ్రాన్సులో ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఇచ్చిన పేర్లు రెండు మూడుంటే మధ్యలో కామా పెడతారు. పాప పేరు పాస్‌పోర్టులో ‘సాయి అన్విక’ అని, ఫ్రెంచి పత్రంలో ‘సాయి, అన్విక’ అని ఉండొచ్చు. అనువాదంలో ఆ కామా అలాగే ఉండాలి. 2005 నుంచి పిల్లలకు తల్లి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు రెండూ కలిపి పెట్టే వీలుంది. అలా పెట్టినప్పుడు పేరు పక్కన ‘మొదటి భాగం మద్దాల, రెండో భాగం వేగి’ అన్న వివరం కుండలీకరణాల్లో వస్తుంది. అనువాదకుడు దాన్నీ తీసేయకూడదు.

తల్లి పేరు ఇంకాస్త చిక్కు. పుట్టుకతో వచ్చిన పేరే మనిషి అసలు పేరు అన్నది ఫ్రాన్సులో 1794 నాటి చట్టం నుంచి వస్తున్న సూత్రం. అందుకే పాప పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరుతో కనిపించవచ్చు. ఆమె పాస్‌పోర్టులో మాత్రం భర్త ఇంటిపేరు ఉంటుంది. ‘పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్చెయ్యండి’ అని అనువాదకుణ్ణి అడిగేవాళ్లున్నారు. మార్చితే మూలానికీ అనువాదానికీ పొంతన పోతుంది. ఆ తేడాకు సమాధానం అనువాదంలో కాదు, ఫైల్లో ఉండాలి. వివాహ ధ్రువపత్రం జతచేసి, దరఖాస్తుతో పెట్టే లేఖలో రెండు వాక్యాల్లో వివరిస్తే సరిపోతుంది.

చివరి పేజీలో అనువాదకుడి ధ్రువీకరణ ఉంటుంది. బ్రిటన్ వీసాకు అందులో ఇది మూలానికి సరైన అనువాదమన్న హామీ, అనువాదం చేసిన తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ అడిగేది కొంచెం వేరు. అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందని, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకుందని అనువాదకుడు రాసివ్వాలి. దానికి నోటరీ ముద్ర అక్కర్లేదు. ఫ్రాన్సులో అప్పీలు కోర్టుల జాబితాల్లో ఉన్న ప్రమాణ అనువాదకులుంటారు. వాళ్లు మూలం నకలు మీదా, అనువాదం మీదా ఒకే నంబరు, తమ ముద్ర వేసి రెంటినీ జతచేస్తారు. బ్రిటన్‌లో అలాంటి ప్రభుత్వ జాబితా లేదు కాబట్టి అక్కడ ఆ ధ్రువీకరణ వాక్యాలే ఆధారం.

ఇక మూల పత్రంలోనే తప్పుంటే? తల్లి పేరు లక్ష్మి అయితే, మేరీలో టైపు చేసినప్పుడు ‘హెచ్’ అక్షరం ఒకటి పడిపోయిందనుకోండి. అనువాదంలోనూ అది లేకుండానే ఉండాలి. మూలంలో ఇలాగే ఉందని అనువాదకుడు పక్కన గమనిక పెట్టొచ్చు, అంతే. దిద్దే అధికారం మేరీకో, అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటరుకో ఉంటుంది. తల్లి పాస్‌పోర్టు, జనన పత్రం నకళ్లతో దరఖాస్తు పంపాలి. దానికి సమయం పడుతుంది. అందుకే నకలు చేతికందిన రోజే, అనువాదానికి ఇవ్వకముందే, ముగ్గురి పాస్‌పోర్టులూ పక్కన పెట్టుకుని ప్రతి పేరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి.