వాము డబ్బా దించే ముందు

పావుగంట మరిగించినా వాము నీళ్ళలో ఘాటు లేదు, చేదే మిగిలింది. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న గుంటూరు అమ్మాయి కథ ఇది. రాత్రి రాజ్మా తిన్నాక పొట్ట ఉబ్బరించి, అమ్మ మందు తనే చేసుకోబోయింది. వంటిల్లంతా గుప్పుమన్న వాసనకు పక్క గది పిల్ల వచ్చి, "థైమ్ వేశావా?" అంది.

ఆ పిల్ల ముక్కు పొరబడలేదు. వాముకు ఘాటునిచ్చేది థైమాల్. థైమ్ ఆకులోనూ అదే ఉంటుంది, పేరూ అక్కణ్ణుంచే వచ్చింది. అది నీళ్ళలో అంతగా కరగదు, ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. మూత పెట్టకుండా మరిగిస్తే ఘాటు వంటింటికి, చేదు మనకు.

అక్కడ అర్ధరాత్రి. చలికాలం కనక గుంటూరులో తెల్లవారుజాము అయిదున్నర. ఫోనెత్తిన అమ్మ నవ్వింది. "మరిగించమని ఎవరు చెప్పారే? అర చెంచా వాము అరచేతిలో పోసుకుని, చిటికెడు ఉప్పు వేసి నలుపు. పొట్టు ఊదేసి, బాగా నమిలి గోరువెచ్చటి నీళ్ళు తాగు." నలిపి నమిలితే గింజలోని సన్నటి నూనె గొట్టాలు చిట్లుతాయి. కాసేపటికి రెండు తేన్పులొచ్చి పొట్ట తేలికపడింది.

నెల తర్వాత ఓ సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఈసారి చేయి తిరిగింది కదా, రెండుసార్లు వాము నమిలింది. తేన్పు రాలేదు, వాంతయింది. తెల్లారేసరికి నొప్పి కుడివైపు, పొత్తికడుపులోకి దిగింది. అమ్మ వాము ఊసెత్తలేదు. "మొదట్నుంచీ అక్కడేనా? ఆకలేస్తోందా? దగ్గితే కలుక్కుమంటోందా? ఒళ్ళు వెచ్చగా ఉందా?" అని వరసగా అడిగి, "ఇది వాముకు తగ్గేది కాదు తల్లీ, డాక్టరు దగ్గరికి వెళ్ళు" అంది. 111కు ఫోన్ చేస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళమన్నారు. అపెండిక్స్ వాచింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

గ్యాస్ నొప్పి చోటు మారుతూ వచ్చిపోతుంది, గాలి వెళ్తే తగ్గుతుంది. అపెండిక్స్ నొప్పి మొదట బొడ్డు దగ్గర లీలగా ఉంటుంది. వాపు కడుపు లోపలి పొరను తాకాక కుడి పక్కన కుదురుకుని గంటగంటకూ పెరుగుతుంది. అందరికీ ఇదే వరసలో రాకపోవచ్చు. అంత నొప్పీ హఠాత్తుగా తగ్గిపోయినా నమ్మకూడదు, అపెండిక్స్ పగిలినప్పుడూ కాసేపు అలాగే ఉంటుంది. వాము ఆ వాపును తగ్గించలేదు. దాన్ని నమ్ముకుని కూర్చుంటే విలువైన గంటలు పోతాయి.

ఆస్పత్రి మంచం మీద ఆమెకు చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. కడుపునొప్పి అంటే అమ్మ ముందు పడుకోబెట్టి, పొట్ట అక్కడా ఇక్కడా నొక్కి చూసేది. వాము డబ్బా దించేది ఆ తర్వాతే.