పాస్‌బుక్‌లో తగ్గిన నూటడెబ్బై ఏడున్నర

గుంటూరులో ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. 2024-25 సంవత్సరానికి తన పీపీఎఫ్ ఖాతాలో వడ్డీ ఎంత పడాలో ముందే కాగితం మీద లెక్క వేసుకున్నారు. 34,257 రూపాయల 50 పైసలు వచ్చింది. తీరా పాస్‌బుక్ ప్రింట్ చేయించి చూస్తే, మార్చి 31 తేదీతో పడిన వడ్డీ 34,080. తేడా 177 రూపాయల 50 పైసలు. పెద్ద మొత్తమేమీ కాదు కానీ, ఎక్కడ తగ్గిందో తెలుసుకోవాలని పాస్‌బుక్ ముందేసుకుని కూర్చున్నారు.

ఏప్రిల్ 1న ఖాతాలో నిల్వ 4 లక్షలు. ఆ ఏడాది ఆమె మూడుసార్లు డబ్బు కట్టారు. ఏప్రిల్ 4న 60 వేలు, ఆగస్టులో 30 వేలు, ఫిబ్రవరి 12న మరో 30 వేలు. ఆగస్టు డబ్బుకు చెక్కు ఇచ్చారు. దాన్ని బ్యాంకులో ఇచ్చింది 3వ తేదీ, శనివారం. పాస్‌బుక్‌లో మాత్రం జమ తేదీ 6 అని ఉంది. తేడా అంతా ఈ ఒక్క గీతలోనే ఉంది.

పీపీఎఫ్‌లో వడ్డీని నెలకోసారి లెక్కగడతారు. ఐదో తేదీ ముగిసేసరికి ఉన్న నిల్వ నుంచి నెలాఖరు దాకా చూసి, ఆ మధ్యలో అన్నిటికన్నా తక్కువ ఉన్న మొత్తం మీదే ఆ నెల వడ్డీ. అందుకే ఐదులోపు పడిన డబ్బుకు ఆ నెల వడ్డీ వస్తుంది, ఆరున పడితే రాదు. చెక్కుకు మనం ఇచ్చిన రోజు కాదు, డబ్బు ఖాతాకు చేరిన రోజే లెక్క. కౌంటర్‌ఫాయిల్ మీద 3 అని ముద్ర ఉన్నా, వడ్డీకి పనికొచ్చేది పాస్‌బుక్‌లోని 6వ తేదీయే.

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలు వడ్డీకి లెక్కలోకి వచ్చే నిల్వ 4,60,000. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు నెలలు 4,90,000. ఫిబ్రవరి 12న కట్టినది మార్చి ఒక్క నెలకే పనికొస్తుంది కాబట్టి ఆ నెలకు 5,20,000. పన్నెండు నెలల నిల్వలన్నీ కలిపితే 57,60,000. ఆ ఏడాది నాలుగు త్రైమాసికాల్లోనూ రేటు 7.1 శాతమే. కాబట్టి ఈ మొత్తాన్ని 7.1తో గుణించి 1,200తో భాగిస్తే సరిగ్గా 34,080. బ్యాంకు లెక్క తప్పు కాదు. 30 వేల మీద ఒక నెల వడ్డీ ఎంతో చూస్తే అదీ 177 రూపాయల 50 పైసలే. ఇలా తేడా ఎంతో తెలిస్తే, ఏ జమకు ఎన్ని నెలలు తగ్గాయో పట్టుకోవచ్చు. తేదీలన్నీ సరిగా ఉండి కూడా తేడా వస్తే, ఈ నెలవారీ లెక్క జతచేసి బ్యాంకుకో పోస్టాఫీసుకో రాతపూర్వకంగా ఇవ్వాలి.

వడ్డీ నెలనెలా లెక్కగట్టినా జమయ్యేది ఏడాదికోసారే. కాబట్టి డిసెంబరులో పాస్‌బుక్ చూసి వడ్డీ రాలేదని కంగారు పడనక్కర్లేదు. వడ్డీ కలిశాక ఆమె నిల్వ 5,54,080 కావాలి. కొత్త సంవత్సరం పేజీలో ఏప్రిల్ 1న మొదటి అంకె అదేనా కాదా అన్నదీ చూసుకోవాలి.

ఇక పరిమితి సంగతి. ఆర్థిక సంవత్సరంలో కనీసం 500, గరిష్ఠంగా లక్షన్నర కట్టవచ్చు. ఖాతాకు పడిన వడ్డీ ఈ లక్షన్నరలోకి రాదు, మనం కట్టినదే వస్తుంది. టీచరమ్మ తన ఖాతాలో కట్టినది 1,20,000. ఆ పాస్‌బుక్ ఒక్కటే చూస్తే ఇంకా 30 వేలు కట్టే వీలుంది. కానీ మైనరైన కూతురి పేరిట గార్డియన్‌గా తెరిచిన ఖాతాలోనూ అదే ఏడాది ఆమె 40 వేలు కట్టారు. నిబంధన ప్రకారం రెండూ కలిపే లక్షన్నర. కట్టినది 1,60,000 అయింది. పది వేలు ఎక్కువ. ఆ పది వేలకు వడ్డీ ఉండదు, అసలు మాత్రమే తిరిగి వస్తుంది.

ఏ ఖాతాలోనూ లక్షన్నర దాటలేదు కాబట్టి ఏ పాస్‌బుక్‌కు ఆ పాస్‌బుక్ విడిగా చూస్తే తప్పేమీ కనపడదు. ఒకటి బ్యాంకులో, ఇంకొకటి పోస్టాఫీసులో ఉంటే కౌంటర్ దగ్గర అడ్డుకునేవారూ ఉండకపోవచ్చు. అందుకే మార్చి మొదట్లోనే రెండు పాస్‌బుక్‌లూ పక్కపక్కన పెట్టి, ఏప్రిల్ 1 నుంచి మనం కట్టిన జమలు మాత్రమే పెన్సిల్‌తో టిక్ పెట్టి కూడాలి. టీచరమ్మ ఆ పని ఫిబ్రవరి చెక్కు రాసే ముందు చేసి ఉంటే, 30 వేలకు బదులు 20 వేలే రాసేవారు.