లింకుకు ముందు రెండు వాక్యాలు

ఉద్యోగానికి మెయిల్ పంపే డిజైనర్లు, రచయితలు చాలామంది అన్నీ రాశాక చివర్లో ‘నా పోర్ట్‌ఫోలియో ఇక్కడ చూడండి’ అని ఒక లింకు పెట్టి ఊరుకుంటారు. తెరిస్తే ముప్పై నలభై పనులు కుప్పగా కనిపిస్తాయి. వాటిలో ఏది చూడాలో, అందులో ఏం గమనించాలో తేల్చుకునే భారం చదివేవారి మీద పడుతుంది. అలాంటి మెయిళ్లు వాళ్ల ముందు ఇంకెన్నో ఉంటాయి. అందుకే ఆ ఎంపిక పంపేవారే చేసిపెట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో తెలుగు పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు డిజైనర్ కావాలనుకుందాం. దరఖాస్తు చేస్తున్న అమ్మాయికి బిహాన్స్‌లో ఒక పేజీ ఉంది. అందులో పెళ్లి శుభలేఖలు, దుకాణాల లోగోలు, పోస్టర్లు ఉన్నాయి. పిల్లల పుస్తకం మాత్రం ఒక్కటే. మొత్తం పేజీ లింకు పంపితే ఎడిటర్ కంట మొదట పడేది బహుశా శుభలేఖే. బిహాన్స్‌లో ఒక్కో ప్రాజెక్టుకూ విడిగా అడ్రసు ఉంటుంది కాబట్టి ఆమె నేరుగా ఆ పుస్తకం లింకే ఇవ్వవచ్చు. మెయిల్ ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్తే అండీ. మీ సంస్థలో పిల్లల పుస్తకాల డిజైనర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నాలుగేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య 24 పేజీల తెలుగు బొమ్మల కథకు అట్ట, లోపలి పేజీల లేఅవుట్ చేశాను. బొమ్మలు మరో చిత్రకారుడు వేశారు. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు పై వరుసలోని ఒత్తులు కింది వరుసకు తగలకుండా అక్షరాల సైజు, వరుసల మధ్య ఖాళీ ఎలా కుదిర్చానో ఇక్కడ చూడవచ్చు:

https://example.com/pillala-katha

రెజ్యూమె జతచేశాను.’

ఇందులో లింకు ఒక్కటే. అదీ విడి వరుసలో ఉంది కాబట్టి ఫోన్‌లో చదివేవారికి వేలితో నొక్కడం సులువు. దానికి ముందున్న వాక్యాలు మూడు సంగతులు చెప్పాయి: అది ఏ పని, అందులో తన వంతు ఎంత, దేన్ని గమనించాలి. ‘బొమ్మలు మరో చిత్రకారుడు వేశారు’ అన్న మాట తీసేయకూడదు. అది లేకపోతే బొమ్మలూ ఆమెవే అనుకుంటారు. ఇంటర్వ్యూలో నిజం తెలిస్తే మిగతా పని మీద కూడా అనుమానం వస్తుంది.

రెండో లింకు ఎప్పుడు పెట్టాలి? ప్రకటనలో అడిగిన మరో నైపుణ్యం మొదటి పనిలో కనిపించనప్పుడు. దానికీ ముందు ఒక వాక్యం ఉండాలి. మూడు దాటితే మళ్లీ కుప్పే.

రచయితలకూ ఇదే పద్ధతి. వ్యాసం దేని గురించి, ఎక్కడ, ఎప్పుడు అచ్చయింది, అందులో తాము సొంతంగా సేకరించిన సమాచారం ఏమిటి అన్నది చెప్పి లింకు ఇవ్వాలి. చందా కడితేనే తెరుచుకునే వ్యాసమైతే పీడీఎఫ్ జతచేయడం మంచిది. తెలుగులో రాసేవారికి ఇంకో చిక్కుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన వర్డ్ ఫైలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పీడీఎఫ్‌గా పంపాలి.

ఇంత శ్రద్ధగా రాసిన మెయిల్‌నూ చెడగొట్టే పొరపాటు ఒకటుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన ఫైలు సాధారణంగా ‘Restricted’ అనే అమరికలో ఉంటుంది. పంపినవారు తమ అకౌంట్‌లోనే ఉంటారు కాబట్టి వాళ్లకు చక్కగా తెరుచుకుంటుంది. అవతలివారికి మాత్రం అనుమతి అడగమని చెప్పే తెర వస్తుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ‘Share’లోకి వెళ్లి ‘Anyone with the link’ ఎంచుకుని, పక్కన ‘Viewer’ ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా ఆ లింకు నొక్కి చూడాలి. అవతలివారికి కనిపించేది అదే. అడ్రసును పొట్టిచేసే సర్వీసులు వాడకపోవడం మేలు. ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియని లింకును నొక్కడానికి జనం జంకుతారు, స్పామ్ ఫిల్టర్లూ అనుమానిస్తాయి.

క్లయింటు బయటపెట్టొద్దన్న పనులను లింకులో చేర్చకూడదు. ఏ రంగానికి, ఎలాంటి పని చేశారో ఆ ఒప్పందం అనుమతించినంత వరకు మాటల్లో చెప్తే చాలు.

పంపే ముందు లింకు ఉన్న వరుసను వేలితో మూసి మెయిల్ ఒకసారి చదవండి. మీరేం చేశారో, ఈ ఉద్యోగానికి అదెందుకు పనికొస్తుందో అప్పటికీ తెలుస్తుంటే పంపించండి. తెలియకపోతే లింకు పైన ఇంకో వాక్యం రాయాల్సి ఉంది.