యూట్యూబ్‌కెక్కితే మసకబారే తలంబ్రాలు

పెళ్లి వీడియోలు చేసేవాళ్లను బాగా ఏడిపించేది తలంబ్రాల ఘట్టం. ఎడిటింగ్ కంప్యూటర్లో ఒక్కో గింజా విడిగా కనిపిస్తుంది. అదే ఫైలు యూట్యూబ్‌లో చూస్తే వధూవరుల చుట్టూ పసుపు ముద్దలు, చిన్నచిన్న గళ్లు. అప్పగింతల దగ్గర మాత్రం బొమ్మ శుభ్రంగానే ఉంటుంది.

సెకనుకు 30 ఫ్రేముల 1080p వీడియోని ఏమాత్రం కుదించకుండా దాచాలంటే సెకనుకు దాదాపు 750 మెగాబిట్లు కావాలి. అప్‌లోడ్‌కి యూట్యూబ్ సూచించే బిట్‌రేటు 8. అంటే తొంభైయో వంతు! ఇంతలా ఎలా కుదురుతుందంటే, కోడెక్ ప్రతి ఫ్రేమునీ దాని ముందువెనుకల ఫ్రేములతో పోల్చి, మారిన భాగాన్నే రాసుకుంటుంది. అప్పగింతల్లో వెనక గోడ కదలదు, మనుషులు నెమ్మదిగా కదులుతారు. తలంబ్రాలకొస్తే వందల గింజలు ప్రతి ఫ్రేములోనూ కొత్త చోట ఉంటాయి. రాయాల్సింది పెరిగినంతగా బిట్లు పెరగవు కాబట్టి గింజలు కలిసిపోతాయి.

పైగా మనం పంపిన ఫైలుని యూట్యూబ్ యథాతథంగా ఎవరికీ చూపదు. పెళ్లి చూసేవాళ్లలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లోని మేనత్తా ఉంటుంది, డల్లాస్‌లో పెద్ద టీవీ ముందు కూర్చున్న బాబాయీ ఉంటాడు. అందుకే 144p నుంచి మొదలుపెట్టి రకరకాల సైజుల్లో మళ్లీ కుదించి, ఎవరి నెట్ వేగానికి తగ్గది వాళ్లకి పంపుతుంది. మన ఫైల్లో అప్పటికే గళ్లుంటే ఆ రెండో కుదింపు వాటినీ బొమ్మలో భాగమే అనుకుని, వాటి మీద కూడా బిట్లు ఖర్చుపెడుతుంది.

కాబట్టి 8 దగ్గర ఆగకుండా, ఇలాంటి వీడియోకి 16 ఇవ్వడం మేలు. పది నిమిషాలకు సుమారు 1.2 జీబీ అవుతుంది. 50కి పెంచితే 3.75 జీబీ; అప్‌లోడ్ తెల్లారేదాకా సాగవచ్చు గానీ తేడా కంటికి ఆనడం కష్టం. ఫ్రేమ్‌రేటు మాత్రం షూటింగులో ఎంతుంటే ఎక్స్‌పోర్టులోనూ అంతే ఉండాలి. 25తో తీసినదాన్ని 30 చేస్తే సాధారణంగా సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసిసార్లు పడతాయి. కెమెరా మండపమంతా తిరిగేటప్పుడు బొమ్మ కుదుపులిస్తుంది.

ఎడిటర్లకు తెలిసిన ఉపాయం ఇంకొకటుంది. చిన్న ఛానెళ్ల 1080p వీడియోలకు యూట్యూబ్ తరచూ పాత H.264 కోడెక్‌నే వాడుతుంది. 1440p, ఆపైన పంపితే మెరుగైన VP9 దక్కుతుంది. 4Kలో తీసుంటే అలాగే పంపాలి. 1080p అయితే 1440pకి సాగదీసి పంపినా ఫలితం ఉంటుంది. కొత్త వివరమేమీ రాదు, ఉన్నది తక్కువ చెడుతుంది. ఏ కోడెక్ వచ్చిందో తెలియాలంటే కంప్యూటర్లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి Stats for nerds నొక్కాలి. Codecs వరుసలో avc1 ఉంటే పాతది, vp09 ఉంటే VP9. అప్‌లోడ్ అయిన వెంటనే చూసి కంగారుపడనక్కర్లేదు. చిన్న సైజులు ముందు సిద్ధమవుతాయి, పెద్దవాటికి కొన్ని గంటలు పట్టొచ్చు.