డెడ్‌లైన్ ముందు మర్యాద మాటలు

ఆఫీసులో ఇద్దరు సహోద్యోగులు గొడవ పడి పని చెడగొట్టుకోవడం అందరికీ తెలిసిందే. ఒకరినొకరు నొప్పించకూడదని జాగ్రత్తపడటం వల్ల కూడా పని చెడుతుంది, పైగా అది చాలాసేపటి వరకు బయటపడదు. హైదరాబాద్‌లోని ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా జరగగలిగే ఒక సందర్భాన్ని ఊహించి చూస్తే ఆ తీరు తెలుస్తుంది.

ఒక బీమా యాప్ కొత్త వెర్షన్ శుక్రవారం రాత్రి విడుదల కావాలి. పేమెంట్ స్క్రీన్ కోడ్ రాసింది ఒక యువతి. దాన్ని పరీక్షిస్తున్నది ఆమె కంటే పదిహేనేళ్లు పెద్దవాడైన టెస్టర్. ఆయన ఈ టీమ్‌లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ‘పే’ బటన్ రెండోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవుతోందని బుధవారం మధ్యాహ్నం ఆయన కంటపడింది. మామూలుగా అయితే దీన్ని బగ్ ట్రాకర్‌లో నమోదు చేయాలి. కానీ ట్రాకర్‌లో వేస్తే మేనేజర్‌తో సహా అందరికీ మెయిల్ వెళ్తుంది. విడుదలకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయిని నలుగురిలో నిలబెట్టడం ఎందుకని ఆయన చాట్‌లో రాశారు: “అమ్మా, వీలైతే ఒకసారి పేమెంట్ స్క్రీన్ చూస్తారా? నెట్ స్లోగా ఉన్నప్పుడు ఏదో చిన్న తేడా వస్తున్నట్టుంది.”

“తప్పకుండా చూస్తాను సర్” అని ఆమె జవాబిచ్చింది. చేతిలో ఉన్న నాలుగు పనులూ అయ్యాక చూద్దామని ఆమె ఉద్దేశం. ఈ రాత్రికే సరిచేస్తుందని ఆయన అనుకున్నారు.

గురువారం ఆయన మళ్లీ అడగలేదు. రెండోసారి అడిగితే నమ్మకం లేనట్టు ఉంటుందని సంకోచించారు. ఆయన అడగలేదు కాబట్టి తొందరేమీ లేదని ఆమె నిర్ధారణకు వచ్చింది. ఆ సాయంత్రం మరో స్క్రీన్ పరీక్షకు ఆయన సాయం కావాల్సి వచ్చి, నేరుగా అడగలేక, “సర్, ఇంకా ఆఫీసులోనే ఉన్నారా?” అని పలకరించింది. తన ఆలస్యం గురించి ఆరా తీస్తోందనుకుని, “ఫర్లేదమ్మా, బయల్దేరుతున్నా” అని ఆయన బ్యాగ్ సర్దుకున్నారు. ఉండమంటే విసుక్కుంటారేమోనని ఆమె ఊరుకుంది.

శుక్రవారం నాలుగు గంటల మీటింగ్‌లో మేనేజర్ “ఇంకేమైనా ఉన్నాయా?” అంటే ఇద్దరూ మాట్లాడలేదు. ఆమె సరిచేసే ఉంటుందని ఆయన నమ్మకం. పెద్ద విషయమైతే ఆయనే చెప్పేవారని ఆమె నమ్మకం. ఆరింటికి ఆయన చివరిసారి ‘పే’ రెండుసార్లు నొక్కారు. టెస్ట్ ఖాతాలో రెండు డెబిట్ మెసేజ్‌లు పడ్డాయి. విడుదల సోమవారానికి వాయిదా పడింది.

ఇందులో నిర్లక్ష్యం కనబడదు. కనబడేదల్లా ఇద్దరూ వేసుకున్న లెక్క. 1955లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్, మనుషులు మాట్లాడుకునేటప్పుడు తమ పరువుతో పాటు ఎదుటివారి పరువునూ కాపాడే ప్రయత్నం చేస్తుంటారని వివరించారు. పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఆ ఆలోచనను పొడిగించి 1978లో మర్యాదపై ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వాళ్లు ప్రధానంగా ఆధారపడిన మూడు భాషల్లో ఇంగ్లీషు, మెక్సికోలోని సెల్టాల్‌తో పాటు మన పొరుగు తమిళం కూడా ఉంది. వాళ్ల ప్రకారం ఎంత మెత్తగా మాట్లాడాలో మనిషి మూడు విషయాలను బట్టి తేల్చుకుంటాడు. ఇద్దరి మధ్య చనువు ఎంత, ఎవరిది పైచేయి, అడుగుతున్నది ఎంత బరువైన పని.

టెస్టర్ వైపు నుంచి చూస్తే చనువు తక్కువ, అడుగుతున్నది బరువు. గడువు ముంచుకొస్తుండగా ఇంకొకరి కోడ్‌లో తప్పుందని చెప్పడం మరీ బరువు. అందుకే ‘వీలైతే’, ‘ఒకసారి’, ‘చిన్న తేడా’, ‘వస్తున్నట్టుంది’ అని ఒకదాని మీద ఒకటి పేర్చారు. విషయం ఎంత తీవ్రమైతే వాక్యం అంత మెత్తబడుతుందన్నమాట. వినేవారు దీన్ని తలకిందులుగా చదివే ప్రమాదం ఇక్కడే ఉంది. మాట మెత్తగా ఉంది కాబట్టి సంగతి చిన్నదే అనిపిస్తుంది.

అలాగని వినేవారు ఎప్పుడూ మోసపోరు. 2006లో బొన్‌ఫోన్, విల్జుబేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. డాక్టర్ ‘రావచ్చేమో’ అన్న జబ్బు నిద్రలేమి అయితే జనం ఆ మాటను ఎక్కువగా మామూలు సందేహంగానే తీసుకున్నారు. అదే చెవుడు అయితే, డాక్టర్ మన మనసు నొచ్చకుండా అలా అంటున్నారని ఊహించినవారు పెరిగారు. అలా ఊహించినవారు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువేనని లెక్కగట్టారు. అంటే ఎదురుగా ఉన్నది పెద్ద ముప్పు అని తెలిస్తే, వినేవారు మెత్తని పొరను తామే ఒలిచి లోపలి అర్థం పట్టుకోగలరు.

ఆ డెవలపర్‌కు ఈ వీలు దక్కలేదు. టెస్టర్ అభ్యర్థనను మాత్రమే మెత్తబరచి ఉంటే నష్టం ఉండేది కాదు. ఆయన వాస్తవాన్ని కూడా మెత్తబరిచారు. ‘డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది’ అనాల్సిన చోట ‘చిన్న తేడా’ అన్నారు. పొరను ఒలవడానికి ఆమెకు కావాల్సిన ఆధారమే ఆ పొర కింద పడిపోయింది. “అమ్మా, వీలు చూసుకుని ఈ రాత్రికి చూడగలరా? ‘పే’ రెండుసార్లు నొక్కితే కస్టమర్ డబ్బు రెండుసార్లు పోతోంది” అని రాసి ఉంటే మర్యాదకూ లోటు ఉండేది కాదు, అర్థానికీ లోటు ఉండేది కాదు.

ఆమె జవాబులోనూ ఇలాంటి లోపమే ఉంది. ‘చూస్తాను’లో ఎప్పుడన్నది లేదు, ఏం చూస్తుందన్నది లేదు. సమయమూ, పని పేరూ లేని ఒప్పుకోలు చాలాసార్లు ‘మీ మాట విన్నాను’ అనే రసీదు మాత్రమే. గడువు దగ్గరపడ్డప్పుడు ఇలాంటి జవాబు వస్తే, అవతలివారు విషయాన్ని సరిగ్గా అందుకోలేదేమోనని అనుమానించడానికి అది చాలు. ‘ఏ పని పక్కన పెట్టమంటారు?’ అని ఆమె అడిగి ఉన్నా సంగతి అక్కడే తేలిపోయేది.

బగ్ ట్రాకర్లు ఈ చిక్కును కొంతవరకు ముందే ఊహించాయనుకోవచ్చు. చాలా ట్రాకర్లలో లోపం తీవ్రతకు ఒక గడి, దాన్ని ఎంత త్వరగా సరిచేయాలన్నదానికి వేరే గడి ఉంటాయి. సాధారణంగా తీవ్రత టెస్టర్ చెబుతాడు, ముందువెనుకలు ప్రాజెక్టు నడిపేవారు తేలుస్తారు. ‘తీవ్రం’ అని ఎంచుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరినీ తప్పుపట్టినట్టూ కాదు. పాపం, ఆ టెస్టర్ మంచితనంతో పక్కకు నెట్టింది సరిగ్గా ఆ గడినే.

బ్రౌన్, లెవిన్సన్ల సిద్ధాంతానికి హద్దులున్నాయి. మర్యాద అంతా లెక్కలు వేసుకుని చేసే పని కాదని జపాన్ పరిశోధకురాలు సచికో ఇదే 1989లో వాదించారు. సమాజంలో తన స్థానాన్ని గుర్తించి, తగినట్టు మాట్లాడటం కూడా మర్యాదే అన్నారు. తెలుగు ఆఫీసులకు ఇది బాగా వర్తిస్తుంది. ‘అండీ’, ‘సర్’, ‘మీరు’ వయసుకూ హోదాకూ ఇచ్చే గౌరవం. పని ముఖ్యమా కాదా అనే సంగతి వాటిలో ఉండదు. ‘కాస్త’, ‘ఏమో’, ‘చిన్న’, ‘వీలైతే’ లాంటివి అలా కాదు, అవి విషయం బరువును మార్చేస్తాయి. సందేశం పంపేముందు మళ్లీ చదువుకోవాల్సింది ఈ రెండో రకం మాటలను. మొదటి రకాన్ని ముట్టుకోనక్కర్లేదు. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడాలని ‘అండీ’ తీసేసి ‘చిన్న తేడా’ను అలాగే వదిలేస్తే, మనసు నొచ్చడమూ తప్పదు, బగ్ మిగిలిపోవడమూ తప్పదు.